తెల్లబడిన పారు: ఒక కథ కట్టుకున్న తీరు

ఒక జాలరి కూతురు సముద్రంలో పగడాలు తెల్లబడటం గమనిస్తుంది, ఊరి పెద్దల్ని ప్రశ్నిస్తుంది. హైస్కూలు పిల్లల కోసం ఈ విషయం మీద కథ కావాలని ఒక పత్రిక నన్ను అడిగింది. సముద్ర జీవశాస్త్రం చదువుకుని, ఇప్పుడు సైన్సు విషయాల మీద కథలు రాస్తున్నవాణ్ని కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. రాయడానికి కూర్చున్నాక అసలు పని మొదలైంది. ఇలాంటి కథకు ఒక తయారు మూస ఉంది. పిల్ల తెలివైనది, పెద్దలు మొండివాళ్లు, చివర్లో పట్నం నుంచి సైంటిస్టు వచ్చి పిల్ల చెప్పిందే నిజమంటాడు. పగడాలు తీసేసి అడవి పెట్టినా, చెరువు పెట్టినా ఆ కథ అలాగే నడుస్తుంది. నాకది వద్దు. పగడం స్వభావం వల్లనే మలుపు తిరగాలి, వేరే దేని గురించీ ఆ కథ చెప్పలేకపోవాలి అనుకున్నాను. ఆ మలుపు కోసం వెతికిన తీరు, దొరికాక దాని చుట్టూ కథను కట్టిన తీరు ఇక్కడ రాస్తున్నాను.

ముందు చోటు సంగతి. మన కోస్తాలో పెడితే పాఠకులకు దగ్గరగా ఉంటుంది, కానీ అది అబద్ధం అవుతుంది. గోదావరి, కృష్ణ ఏటా ఒండ్రునూ మంచినీటినీ తెచ్చి మన సముద్రంలో పోస్తాయి. దిబ్బలు కట్టే పగడాలకు తేట నీరు కావాలి, అడుగుదాకా ఎండ దిగాలి. అందుకే కోరింగ దగ్గరి జాలరి పిల్లలు మడ అడవుల్ని చూస్తూ పెరుగుతారు కానీ పగడాల దిబ్బల్ని కాదు. మన దేశంలో పగడాల దిబ్బలంటే అండమాన్ నికోబార్, లక్షద్వీప్, గుజరాత్‌లో కచ్ సింధుశాఖ, తమిళనాడులో మన్నార్ సింధుశాఖ, దాన్ని ఆనుకుని ఉన్న పాక్ బే. వీటిలో నేను మన్నార్‌ను ఎంచుకున్నాను. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా తీరానికి దగ్గరగా వరసగా చిన్న చిన్న దీవులు ఉంటాయి. వాటి చుట్టూ తక్కువ లోతులోనే పగడాలు. అక్కడి జాలర్లు ఆ దిబ్బని పారు అంటారు. పాంబన్ చుట్టుపక్కల ఊళ్లలో మగవాళ్లు చిన్న పడవల మీద పారు పక్కన చేపల బోన్లు దించుతారు, ఆడవాళ్లు వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని నీళ్లలో మునిగి సముద్రపు నాచు ఏరి అమ్ముతారు. అంటే పారుకు ఏమైనా అయితే ముందు తెలియాల్సింది వాళ్లకే.

మరి ఒక చిన్నపిల్ల చూసేదాకా ఎందుకు తెలియలేదు? పెద్దలు గుడ్డివాళ్లని రాయడం తేలిక. నేను క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను, జవాబు అందులోనే ఉంది. తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, మన దగ్గర కూడా అంతే. నాచు ఏరే ఆడవాళ్లు నాచు మళ్లీ పెరగడానికని ఏప్రిల్ నుంచి జూన్ దాకా తమంతట తామే నీళ్లలోకి దిగడం మానేస్తారు. మన్నార్‌లో నీళ్లు బాగా వేడెక్కేదీ, పగడాలు తెల్లబడేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. సముద్రం విషయంలో ఊరు పాటించే మంచి నియమమే ఊరి కళ్లను పారు మీదినుంచి తప్పిస్తోంది. ఇంకోపక్క అవే బడికి సెలవుల రోజులు. చిన్న నాటుపడవలకు నిషేధం వర్తించదు కాబట్టి తండ్రి బోన్ల వేటకు వెళ్తూనే ఉంటాడు, సెలవుల్లో ఉన్న కూతురు వెంట వెళ్తుంది. బోను ఎక్కడ కూర్చుందో నీళ్లలో తల పెట్టి చూసి చెప్పే పని ఆమెది. ఆమెకు ప్రత్యేకమైన తెలివితేటలేమీ ఇవ్వక్కర్లేదు. ఆ రెండు నెలలూ నీళ్లలో తల పెట్టే మనిషి ఊళ్లో దాదాపు ఆమె ఒక్కతే. ఇది తేలాక నాకు సగం టెన్షన్ తీరింది.

కథాకాలం 2016 వేసవి. ఎల్ నినో వల్ల ప్రపంచమంతా సముద్రాలు వేడెక్కిన సమయం అది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ కూడా ఆ ఏడే దారుణంగా దెబ్బతింది. అమ్మాయికి పదమూడేళ్లు. పేరు పెట్టలేదు, ఊళ్లో అందరూ పాప అంటారు, కథలోనూ అంతే. వాళ్లు తమిళం మాట్లాడేవాళ్లు, మన ఉత్తరాంధ్ర జాలరి యాసను వాళ్ల నోట్లో పెట్టడం నాకు నచ్చలేదు. మామూలు మాటలే పెట్టి, వరసలు మాత్రం ఇంటివిగా ఉంచాను.

మొదటి దృశ్యంలో ఆమె ఏం చూస్తుందన్నది జాగ్రత్తగా రాయాల్సిన చోటు. పగడం రాత్రికి రాత్రి తెల్లబడదు. గోధుమ, ఆకుపచ్చ రంగులు పలచబడతాయి, కొన్ని కొన్నాళ్లు ఊదా, నీలం రంగుల్లో మరీ మెరుస్తాయి. తర్వాతే తెలుపు. అన్నీ ఒకేసారి కూడా కాదు. కొమ్మల పగడాలు ముందు, గుండ్రటి బండ పగడాలు ఆఖర్న. కథలో ఆ భాగం ఇలా ఉంది:

“అప్పా, బోను కింద కొమ్మలు పాలిపోయాయి.”

“నీళ్లు తేటగా ఉన్నాయి కదా, అలా కనిపిస్తాయి.”

“పక్కనున్న బండ మామూలుగానే ఉంది. నీళ్ల వల్లయితే అది కూడా పాలిపోవాలిగా?”

తండ్రి జవాబు చెప్పలేదు. తాడు లాగుతూ ఉన్నాడు. గాలి లేదు. వారం రోజులుగా లేదు. తెల్లవారుజామున కూడా నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి.

చివరి మూడు ముక్కలూ వాతావరణ వర్ణన కోసం పెట్టినవి కావు, జబ్బుకు కారణాలు అవే. పగడం అంటే రాయి కాదు. చిన్న గిన్నెలాంటి సున్నపురాతి గూటిలో ఉండే సన్నటి జంతువు. దాన్ని పాలిప్ అంటారు. దాని కండలో జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచు బతుకుతుంది. ఎండతో ఆహారం తయారు చేసి పగడానికి కావలసిన శక్తిలో చాలా భాగం అదే ఇస్తుంది, రంగు కూడా చాలావరకు దానిదే. నీళ్లు మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే ఈ పొత్తు చెడుతుంది. పగడం ఆ నాచును బయటికి వదిలేస్తుంది. మిగిలిన కండ పారదర్శకం కాబట్టి లోపలి సున్నపు గూడు తెల్లగా కనిపిస్తుంది. ఒక డిగ్రీ ఎక్కువ వేడి నాలుగు వారాలు నిలిస్తే తెల్లబడటం కంటికి కనిపించేంత అవుతుందని, ఎనిమిది వారాలు నిలిస్తే చావులు మొదలవుతాయని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఒక లెక్క వాడుతుంది. గాలి లేకపోతే నీళ్లు కలవవు, పైన వేడెక్కింది వేడెక్కినట్టే ఉంటుంది. అల లేని తేట నీళ్లలో ఎండ సూటిగా అడుగుదాకా దిగి దెబ్బను రెట్టింపు చేస్తుంది. జాలరికి హాయిగా ఉండే నిశ్చలమైన సముద్రమే పగడానికి గండం. పాప చేతిలో థర్మామీటర్ పెట్టకుండానే ఈ విషయం చెప్పొచ్చు. తెల్లవారుజామున నీళ్లు చల్లారకపోవడం ఆమెకు ఒంటి మీదే తెలుస్తుంది.

తెల్లబడ్డ పగడం చచ్చిన పగడం కాదన్న విషయం ఇక్కడే మనసులో గట్టిగా పెట్టుకోవాలి. అది ఆకలితో ఉన్న పగడం. కొన్ని వారాల్లో నీళ్లు చల్లబడితే నాచు మళ్లీ చేరుతుంది, రంగు వస్తుంది. మన్నార్‌లో ఇది నిజంగా జరుగుతుంది కూడా. 2005 నుంచి దాదాపు ప్రతి వేసవిలోనూ అక్కడ కొంత తెల్లబడుతోంది, నైరుతి గాలులు మొదలై నీళ్లు చల్లబడ్డాక చాలావరకు కోలుకుంటోంది. అంటే ఊరి పెద్దలు “ఏం కాదు, ప్రతిసారీ జరిగేదే” అంటే అది మూర్ఖత్వం కాదు, అనుభవం. ఈ ఒక్క విషయంతో నా కథ మూస నుంచి బయటపడింది. పెద్దలు సగం రైటు. పాప ఎదుర్కోవాల్సింది ఆ సగం నిజాన్ని.

పెద్దల దృశ్యం వలలు బాగుచేసుకునే పాకలో పెట్టాను. ముగ్గురు ఉంటారు. ఊరి నాయకుడు ఒకరు, ఆయన్ని తలైవర్ అంటారు. వయసులో ఉండగా సున్నపు బట్టీల కోసం పారు తవ్వి రాయి అమ్మిన తాత ఒకరు. నాచు ఏరడంలో అందరికీ పెద్దదిక్కయిన అవ్వ ఒకరు. తాతను ఊరికే పెట్టలేదు. అక్కడ దశాబ్దాలపాటు పగడపురాయి తవ్వి సున్నానికి, ఫ్యాక్టరీలకు అమ్మారు. ఆ తవ్వకాల వల్ల పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు దీవులు నీళ్లలో మునిగిపోయాయి. 2001లో పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చాక అది నేరమైంది. అందుకే పారు గురించి ఎవరైనా పిల్ల నోరు తెరిస్తే తాత ముందే సర్దుకుని కూర్చుంటాడు. ఆయన మాటల్లో వచ్చే చిత్తిరై, ఆడి తమిళ నెలలు, ఒకటి ఏప్రిల్ మధ్యలో, ఇంకొకటి జూలై మధ్యలో మొదలవుతాయి.

“చిత్తిరై ఎండకి పారు తెల్లబడుతుంది పాపా. ఆడి గాలికి మళ్లీ రంగు తిరుగుతుంది. నీ వయసంత కాలంగా చూస్తున్నాను.”

“నా వయసంత కాలమే చూశారా తాతా, అంతకు ముందు కూడా చూశారా?”

కథ మొత్తానికి ఈ ఒక్క ప్రశ్నే కీలకం. “ఎందుకు తెల్లబడుతోంది?” అని పాప అడిగితే పెద్దల దగ్గర జవాబు ఉండదు, ఆమె దగ్గరా ఉండదు, రచయిత అడ్డం వచ్చి పాఠం చెప్పాల్సి వస్తుంది. “ఎప్పటి నుంచి?” అని అడిగితే జవాబు పెద్దల దగ్గర మాత్రమే ఉంటుంది. ఆమె వాళ్లను ధిక్కరించడం లేదు, వాళ్లకే తెలిసినదాన్ని వాళ్ల చేత తవ్వి తీయిస్తోంది. మత్స్యశాఖ సర్వేల్లో, జాలరి ఊళ్లలో పనిచేసే పరిశోధకుల్లో ఈ పద్ధతి ఉన్నదే. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరికీ గుర్తుండదు. అందరికీ గుర్తున్న ఒక పెద్ద సంఘటన చెప్పి దానికి ముందా, తర్వాతా అని అడగాలి. రామేశ్వరం వైపు రెండు సంఘటనలు ఎవరూ మర్చిపోరు. 1964 డిసెంబరులో ధనుష్కోటిని తుడిచిపెట్టిన తుపాను, 2004 డిసెంబరు సునామీ. పాపకు ఆ పద్ధతి పేరు తెలియక్కర్లేదు, ఊళ్లో అందరూ కాలాన్ని అలాగే లెక్కపెడతారు.

“ధనుష్కోటి తుపాను అప్పుడు మీకెన్నేళ్లు తాతా?”

“పదిహేను.”

“అప్పుడు తెల్లబడేదా?”

తాత చేతిలో దారం ఆగింది. “అప్పుడు నేను రోజూ పారు మీదే ఉండేవాణ్ని. గునపంతో కొడితేనే లోపల తెలుపు కనిపించేది. పైన తెలుపు చూడలేదు.”

“మరి మొదటిసారి ఎప్పుడు చూశారు?”

“మా పెద్దాడికి పెళ్లయిన మరుసటి ఏడు. అంతా ఒక్కసారే. ఏదో విషం వదిలారనుకున్నాం.”

“అది సునామీకి ముందా?”

“ముందే. ఐదారేళ్లు ముందు.”

పాఠకుడు లెక్క వేసుకుంటే 1998 అని తేలుతుంది. హిందూ మహాసముద్రం అంతటా పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడిన మొదటి ఏడు అదే. కథలో ఆ సంఖ్య ఎక్కడా రాయలేదు. తెలిసినవాళ్లకు అది సరిపోతుంది, తెలియనివాళ్లకు తాత ఆగిన తీరు సరిపోతుంది. తర్వాత తలైవర్ కలగజేసుకుని, “ఏటా తెల్లబడటం సునామీ తర్వాతే మొదలైంది, సునామీయే పారును పాడుచేసింది” అంటాడు. జాలరి ఊళ్లలో సునామీ తర్వాత వచ్చిన ప్రతి మార్పునూ దాని ఖాతాలోనే వేస్తారు, అది సహజం. తేదీ కూడా కలుస్తుంది. పాప ఒకటే అడుగుతుంది: “సునామీ ఒక్కరోజు వచ్చి వెళ్లింది కదా మామా, తెలుపు ప్రతి చిత్తిరైకీ ఎందుకు వస్తోంది?” దానికి ఎవరూ జవాబు చెప్పరు. అవ్వ మాత్రం తనకు తెలిసింది చెబుతుంది: “ఆ నెలల్లో మేం దిగం. ఏళ్లుగా దిగలేదు. నేను ఏం చూశానని చెప్పను?” నాకు ఈ కథలో బాగా ఇష్టమైన మాట అది. తనకు కనిపించనిది లేదని అనకుండా, తను చూడలేదని ఒప్పుకునే మనిషి ఊళ్లో ఒకరైనా ఉండాలి.

ఇంతవరకు పాప గెలిచినట్టే ఉంది. అసలు మలుపు దీని తర్వాత వస్తుంది, పగడం స్వభావం వల్ల వచ్చే మలుపు అది.

జూన్‌లో కచ్చాన్ గాలి లేస్తుంది. నైరుతి గాలిని అక్కడ అలా అంటారు. నీళ్లు చల్లబడతాయి, మట్టి కలిసి మసకబారతాయి. బళ్లు తెరుస్తారు. నెలాఖరులో గాలి కాస్త తగ్గిన ఒక ఆదివారం పొద్దున్నే తండ్రి దీవికి ఉత్తరం వైపు, గాలి తగలని మరుగులోకి పడవ తీసుకెళ్తాడు. పాప నీళ్లలో తల పెడుతుంది. తెలుపు లేదు. పారు అంతా గోధుమరంగుకి వచ్చేసింది. తండ్రి సంతోషంగా ఊరంతా చెబుతాడు. తాత అన్నదే నిజమైంది, ఆడి గాలి రాకముందే రంగు తిరిగింది.

కానీ తెల్లబడ్డ పగడం చచ్చిపోయినా తెల్లగా ఉండదు. కండ ఊడిపోయిన సున్నపు గూటి మీద రోజుల్లోనే సన్న నాచు మొలుస్తుంది, రెండు మూడు వారాలకు దట్టంగా కమ్ముకుంటుంది. అది కూడా గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగే. పడవ మీదినుంచి చూస్తే కోలుకున్న పారు, చచ్చిన పారు ఒకేలా ఉంటాయి. చూసేవాళ్లకు భయం వేసే తెలుపు రోజుల్లో పగడం బతికే ఉంటుంది, హమ్మయ్య అనుకున్న రోజుల్లో చచ్చి ఉంటుంది. ఇది తెలియక ఎంతోమంది పొరపడతారు, తెల్లటి ఫొటో తీసి “చచ్చిపోయిన పగడాలు” అని రాసే పత్రికలు కూడా. కథకు కావలసిన మలుపు నాకు ఇక్కడ దొరికింది. ఊరు ఊపిరి పీల్చుకున్న రోజునే పాపకు అసలు నష్టం కనిపించాలి.

ఆమెకు ఎలా తెలుస్తుంది? ఈ చోట చాలాసేపు ఆగాను. మైక్రోస్కోపు లేదు, సైంటిస్టు లేడు. పగడాన్ని ముట్టుకోకుండా తెలుసుకోవాలి, ఎందుకంటే ముట్టుకుంటే బతికున్న పాలిప్‌లకు దెబ్బ తగులుతుంది, పిల్లలు చదివే కథలో అలాంటి పని నేర్పకూడదు. నీళ్లలో పనిచేసేవాళ్లు వాడే తేలికైన పద్ధతి ఒకటి ఉంది. బతికున్న పగడం తన మీద మట్టిని నిలవనివ్వదు, జిగురు వదిలి ఎప్పటికప్పుడు దాన్ని దులిపేసుకుంటుంది. చచ్చిన గూటి మీది నాచు మట్టిని పట్టి ఉంచుతుంది. కాబట్టి పగడానికి జానెడు దూరంలో అరచేతిని విసనకర్రగా ఊపితే చాలు.

ఆమె కొమ్మల దగ్గర చెయ్యి ఊపింది. గోధుమరంగు పొగ లేచింది. పొగ తేరుకున్నాక కొమ్మ మీద సన్నటి పోగులు అటూ ఇటూ ఊగుతూ కనిపించాయి, తడి గొంగళి మీది నూగులా. కొమ్మ చివర్లలో ఎప్పుడూ ఉండే లేత రంగు లేదు. చిన్న చిన్న గిన్నెలు పూడిపోయాయి.

బండ దగ్గరికి వెళ్లి ఊపింది. ఏమీ లేవలేదు. దగ్గరగా చూస్తే గిన్నె గిన్నెలోనూ ఏదో ఉంది, నీళ్లు కదిలేసరికి లోపలికి ముడుచుకుంది.

ఆమె మళ్లీ కొమ్మల దగ్గరికి వచ్చింది. ఒక్కో కొమ్మ దగ్గర చెయ్యి ఊపుతూ పోయింది. పైనుంచి తండ్రి తాడు లాగాడు, ఇక రమ్మని.

కొమ్మల పగడం పోయి, బండ పగడం మిగలడం కల్పన కాదు. అక్రోపోరా, మాంటిపోరా జాతుల కొమ్మల, ఆకుల పగడాలు వేడికి ముందు పోతాయి. పోరైటిస్ జాతి బండ పగడాలు కండ మందంగా ఉండటం వల్ల తట్టుకుని నిలబడతాయి. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధనా సంస్థ వాళ్లు చేసిన సర్వేల ప్రకారం 2016లో మన్నార్ దిబ్బల మీద బతికున్న పగడాలు పరుచుకున్న మేర సుమారు 39 శాతం నుంచి 23 శాతానికి పడిపోయింది. పాప చెయ్యి ఊపుతూ వెళ్లినది ఆ తేడా మీదుగానే.

ఇక రెండోసారి పెద్దల దగ్గరికి వెళ్లాలి. ఈసారి వాళ్ల వాదం ఇంకా బలంగా ఉండాలి. తలైవర్ అడిగేది మొదట చేపల గురించి. “నీ బాబు బోన్లలో చేపలు తగ్గాయా?” తగ్గలేదు. నిజానికి చిలకచేపలు, నాచు మేసే ఓరా చేపలు ఎక్కువే పడుతున్నాయి. చాలామంది ఇక్కడ “పగడాలు పోతే చేపలు మాయం” అని రాసేస్తారు. అది వెంటనే జరిగేది కాదు. చచ్చిన పగడం మీద నాచు పెరిగితే, నాచు తినే చేపలకు కొన్నాళ్లు పండగే. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్‌లో 1998 తర్వాత కూడా బోన్ల వేటలో ఓరా రకం చేపల పట్టుబడి పడిపోలేదని పరిశోధకులు గమనించారు. నష్టం మెల్లగా వస్తుంది. చచ్చిన కొమ్మలు కొన్నేళ్లకు అలల తాకిడికి విరిగి పిండి అవుతాయి, దాక్కునే చోట్లు పోయాక చిన్న చేపలు తగ్గుతాయి. తలైవర్ చెప్పిన లెక్క ఆ రోజుకు నిజమే, పాప కాదనదు. నేను ఆమె చేత కాదనిపించలేదు.

రెండో వాదం భయం. తలైవర్ గొంతు తగ్గించి అంటాడు: “ఇది బయటికి చెప్పావనుకో, ఫారెస్టువాళ్లు వస్తారు. పారు జబ్బు పడిందంటారు, దీవుల దగ్గరికి రావద్దంటారు. మీ అమ్మ నాచు ఎక్కడ ఏరుతుంది?” దీవుల ప్రాంతం 1986 నుంచి సముద్ర జాతీయ పార్కు. దీవుల మీదికి వెళ్లడం మీద, చుట్టూ వేట మీద, నాచు ఏరడం మీద అటవీశాఖతో ఊళ్లకు ఎప్పటినుంచో గొడవలు ఉన్నాయి. పారు గురించి మాట్లాడటం అంటే బతుకుతెరువు మీద చర్చను మళ్లీ తెరవడమే. పెద్దలు మౌనంగా ఉండటానికి అసలు కారణం ఇదని నా నమ్మకం. తెలియక కాదు, తెలిస్తే ఏం జరుగుతుందో తెలిసి. ఈ భయాన్ని న్యాయంగా రాయకపోతే ఆ పెద్దలకు అన్యాయం చేసినట్టే. సముద్రం వేడెక్కడానికి ఆ ఊళ్లోని నాటుపడవలు చేసింది దాదాపు ఏమీ లేదు, శిక్ష మాత్రం ముందు వాళ్లకే పడుతుంది.

అలాంటప్పుడు పాప ఏం అడగగలదు? సముద్రాన్ని చల్లబరచమని అడగలేదు. ఊరు చేయగలిగినవి రెండే కనిపించాయి నాకు. ఒకటి, లంగరు, బోను మిగిలిన పగడాల మీద పడకుండా పక్కన ఇసుకలో వేసుకోవడం. బతికి బలహీనంగా ఉన్న పగడానికి దెబ్బ తగిలితే మానదు. రెండోది కష్టమైనది: చిలకచేపల్ని కొంతకాలం వదిలేయడం. చచ్చిన గూళ్ల మీది నాచును గీకి తినేది అవే. నాచు పలచగా ఉన్నచోటే కొత్త పగడపు పిల్లలు వచ్చి అతుక్కోగలవు. అవి ఉన్నంత మాత్రాన పారు తిరిగి వస్తుందన్న హామీ లేదు, మళ్లీ వేడి వస్తే అదీ పోతుంది. అందుకే పాప నోట “పారును కాపాడదాం” అనే మాట పెట్టలేదు. ఆమె తండ్రిని అడుగుతుంది, పెద్దల ముందే:

“అప్పా, చిలకచేప పడితే వదిలేద్దామా?”

“అది రేటు పలికే చేప.”

“తెలుసు.”

“ఎన్నాళ్లు?”

దానికి తాత జవాబిస్తాడు. కథలో ఆయన పారు పక్షాన మాట్లాడేది ఆ ఒక్కసారే. “నేను తవ్విన చోట ముప్ఫై ఏళ్లయినా మొలవలేదు. ఎన్నాళ్లని అడక్కు.”

తలైవర్ ఊరి నిర్ణయమేదీ ప్రకటించడు. ఒక్క పడవకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. బయటికి చెప్పే సంగతి మీద అవ్వ ఒక దారి తీస్తుంది: వచ్చే చిత్తిరై నుంచి నాచు విరామం నెలల్లో కూడా ఇద్దరు ఆడవాళ్లు వారానికోసారి ఊరికే చూడటానికి దిగుతారు, నాచు ముట్టుకోరు. ఏ పారు ఎప్పుడు పాలిపోయింది, ఎప్పుడు తెల్లబడింది, చెయ్యి ఊపితే మట్టి లేచిందా లేదా అన్నది పాప నోటుబుక్కులో రాస్తుంది. ఆ పుస్తకం ఊళ్లోనే ఉంటుంది. ఫారెస్టువాళ్లు వచ్చి పారు పాడవడానికి మీరే కారణమంటే, చూపించడానికి ఊరి దగ్గర సొంత లెక్క ఉంటుంది. తలైవర్ ఒప్పుకునేది ఈ చివరి మాటకే. పర్యావరణం మీది ప్రేమతో కాదు, ఊరికి ఒక ఆధారం ఉంటుందని.

కప్పాఫైకస్ గురించి కూడా రాయాలని చాలా అనిపించింది. పెంపకం కోసం తెచ్చిన ఆ విదేశీ సముద్రపు నాచు పాంబన్ దగ్గర కురుసడై దీవి చుట్టూ పగడాల మీదికి పాకి, వాటిని కప్పేస్తోంది. కానీ అది వేరే జబ్బు. ఒకే కథలో రెండూ పెడితే పాప చెయ్యి ఊపే దృశ్యంలో ఏ నాచు ఏదో పాఠకుడికి తేలదు. దాన్ని ఇంకో కథకు దాచాను.

పత్రికకు పంపాక ఎడిటర్ గారు అడిగింది ఒక్కటే, చివర్లో పారు కోలుకున్నట్టు ఒక పేరా పెట్టమని. కొమ్మల పగడాల దిబ్బ మళ్లీ నిండాలంటే పెద్ద వేడి లేకుండా పదేళ్లయినా పడుతుంది. మన్నార్‌కు 2010లో ఒకసారి, 2016లో ఒకసారి పెద్ద దెబ్బ తగిలింది, మధ్యలో దొరికింది ఆరేళ్లు. ఆ లెక్క ఆవిడకు రాసి పంపాను. కథ పాప నోటుబుక్కులో మొదటి వరుస రాసే చోట ఆగుతుంది: తేదీ, పారు పేరు, “కొమ్మలు: మట్టి లేచింది. బండ: లేవలేదు.” ఆవిడ ఆ ముగింపునే ఉంచారు.